తోటివాళ్ళని చులకన చేసే సీనియర్‌కి వార్నింగ్ లెటర్: రాస్తే నిలబడేలా

ప్రశ్న: నమస్కారం. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ మేనేజర్‌ని. నా లైన్‌లో ఒక సీనియర్ ఆపరేటర్ ఉన్నాడు. పదకొండేళ్ళ సర్వీసు, పనిలో వంక పెట్టలేం. కానీ తోటివాళ్ళని నలుగురిలో చులకనగా మాట్లాడతాడు. ఆడవాళ్ళతో, ట్రైనీలతో మరీనూ. సీతంపేట నుంచి వచ్చిన కుర్రాణ్ణి 'కొండోడా' అని పిలుస్తాడు. రెండుసార్లు పిలిచి చెప్పాను. వారం బాగుంటాడు, మళ్ళీ మామూలే. హెచ్‌ఆర్ వాళ్ళు వార్నింగ్ లెటర్ డ్రాఫ్ట్ చేసి ఇమ్మన్నారు. ఏం రాయాలి, ఎలా రాయాలి? రాస్తే అది నిలబడాలి.
— రణస్థలం నుంచి ఒక పాఠకుడు

జవాబు: నమస్కారమండీ. పెన్ను పట్టుకునే ముందు ఆ 'కొండోడా' అన్న మాటని మిగతా వాటి నుంచి విడదీయండి. అది ఈ వార్నింగ్ లెటర్లో చేరకూడదు. చిన్న విషయం కాబట్టి కాదు, ఈ లెటర్ మోయలేనంత పెద్దది కాబట్టి. సీతంపేట వైపు కుర్రాడంటే సవరో జాతాపో అయి ఉండొచ్చు. రెండూ షెడ్యూల్డు తెగలే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో సెక్షన్ 3(1) కింద, ఆ వర్గాల మనిషిని నలుగురి కంటపడే చోట కావాలని అవమానించడం నేరం. కులం పేరుతో తిట్టడం కూడా అదే సెక్షన్‌లో ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు. తిట్టిన మనిషి ఆ వర్గాలవాడు కాకపోతేనే ఇది వర్తిస్తుంది. మీ లైన్‌లో అన్న మాట దాని కిందకి వస్తుందా రాదా అన్నది మీరో హెచ్‌ఆరో తేల్చేది కాదు. మీరు చెయ్యవలసింది ఒక్కటే. ఆ మాట ఎప్పుడు, ఎవరి ముందు అన్నాడో రాసి, అదే రోజు ప్లాంట్ హెడ్‌కీ హెచ్‌ఆర్‌కీ కాగితం మీద ఇవ్వండి. ఆ కుర్రాడు స్టేషన్‌కి వెళ్తానంటే అది అతని హక్కు. 'పోనీలే, పెద్దాడు కదా' అని మీ నోటి నుంచి రాకూడదు.

దాన్ని వార్నింగ్‌లో కలిపేస్తే ఇంకో చిక్కు ఉంది. ఒక తప్పుకి ఒకసారి శిక్ష వేశాక, అదే తప్పుకి మళ్ళీ శిక్ష వెయ్యడం కుదరదు. వార్నింగ్ కూడా శిక్షే, అన్నిటికన్నా చిన్నది. రేపు కంపెనీ ఎంక్వైరీ పెట్టి పెద్ద చర్య తీసుకోవాలనుకుంటే, 'దీనికి అప్పుడే వార్నింగ్ ఇచ్చేశారు కదా' అని అతని తరఫువాళ్ళు అడ్డం పడతారు. అంటే మీ లెటరే అతనికి గొడుగవుతుంది.

ఆడవాళ్ళని అన్న మాటల్లోనూ ఇదే వడపోత. ఒంటి గురించి, వేసుకున్న బట్టల గురించి, వంకరగా అన్నవి ఏమన్నా ఉంటే అవి లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 కింద ఇంటర్నల్ కమిటీ చూడాలి. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. ఆ సంఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలల్లో ఫిర్యాదు రాసి ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా ఒప్పుకోవచ్చు. ఈ గడువు మీ సెక్షన్‌లో ఆడవాళ్ళకి తెలియకపోవచ్చు, చెప్పండి. ఎవరికన్నా అంగవైకల్యం ఉండి దాన్ని ఎత్తిచూపి నలుగురిలో కించపరిచినా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో వేరే సెక్షన్ ఉంది, అదీ పైకి పంపాల్సిందే. ఇవన్నీ తీసేశాక మిగిలినవి, అంటే పనిలో తప్పు పట్టే నెపంతో మనిషిని చిన్నబుచ్చిన మాటలు, మీ వార్నింగ్ లెటర్‌కి సరుకు.

ఇప్పుడు ఆ మాటలు కావాలి. అతను అన్నవి అన్నట్టే, అతని యాసలోనే. మేనేజర్లు రాసే లెటర్లు నూటికి తొంభై ఇక్కడే పడిపోతాయి. 'మీరు సహోద్యోగుల పట్ల అగౌరవంగా ప్రవర్తిస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది' అని రాస్తారు. అది చదివిన మనిషి 'నేనేటి అన్నాను? ఎవుళ్ళని అన్నాను?' అంటాడు, లెటర్లో దానికి జవాబుండదు. అగౌరవం అన్నది మీ అభిప్రాయం. అతని నోటి మాట వాస్తవం. వాస్తవం కాగితం మీద ఉంటే అభిప్రాయం చదివినవాళ్ళే ఏర్పరచుకుంటారు.

మాట పడినవాళ్ళనీ, పక్కన విన్నవాళ్ళనీ ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టి అడగండి. పదిమందిచేత ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించవద్దు. ఒకరు రాసి తొమ్మిదిమంది సంతకం పెట్టిన ఫిర్యాదు చూస్తే 'అందరూ ఒక్కటై నా మీద జట్టు కట్టారు' అనడానికి అతనికి దారి దొరుకుతుంది. విడివిడిగా చెప్పిన ముగ్గురి మాటలు అక్షరం అక్షరం కలవవు. కలవకపోవడమే మంచిది, అచ్చంగా ఒకేలా ఉంటే ఎవరో నేర్పినట్టుంటుంది. తారీఖు, షిఫ్టు, లైన్లో ఏ చోటు, ఎవరున్నారు, ఏ పని మీద మొదలైంది, ఏమన్నాడు, మాట పడిన మనిషి ఏం చేశాడు: ప్రతి సంఘటనకీ ఇవి చాలు. మూడు గట్టి సంఘటనలుంటే మీ లెటర్ నిలబడుతుంది. పదిహేను లూజు సంఘటనలు నిలబెట్టవు.

మీరు నోటితో చెప్పిన రెండుసార్ల సంగతి. అప్పుడే డైరీలోనో మెయిల్లోనో రాసుకుని ఉంటే ఆ తారీఖులు వాడండి. రాసుకోకపోతే, పాత తారీఖు వేసి ఇప్పుడు నోట్ తయారుచెయ్యకండి. ఇవాళ్టి తారీఖుతోనే, 'ఫలానా నెల రెండో వారంలో పిలిచి చెప్పాను' అని గుర్తున్నంతవరకు రాయండి. పాత తారీఖు కాగితం ఒక్కటి బయటపడితే మీ నిజమైన కాగితాలన్నీ దాంతోపాటు కొట్టుకుపోతాయి.

తరవాతి మెట్టు సంజాయిషీ మెమో. చాలామంది దీన్ని దాటేసి నేరుగా వార్నింగ్ ఇచ్చేస్తారు. అతని మాట వినకుండా ఇచ్చిన వార్నింగ్‌ని రికార్డులో శిక్షగా చూపించడం కష్టం. మెమోలో ఆ మూడు సంఘటనలూ అతని మాటలతో సహా రాసి, 'అందిన నాటి నుంచి మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి' అని అడగండి. అది మెమోయే, అందులో 'హెచ్చరిస్తున్నాం' అన్న మాట రాకూడదు. అడగకముందే తేల్చేసినట్టవుతుంది. మీ కంపెనీ ఉద్యోగ నియమాల్లో, అంటే స్టాండింగ్ ఆర్డర్స్‌లో, వేరే గడువుంటే అదే వెయ్యండి.

జవాబు ఏమొస్తుందో ముందే చెప్పొచ్చు. 'సరదాకి అన్నాను, మా ఊళ్ళో అందరం ఇలాగే మాటాడుకుంటాం' అని రాస్తాడు. దీన్ని తీసిపారెయ్యకండి, ఎందుకంటే కొంత నిజం ఉంది. మన వైపు 'ఏరా గుంటడా' అన్నది ప్రేమతో పిలిచే పిలుపు కూడా. అందుకే మాటని కాదు, మాట చుట్టూ ఉన్నదాన్ని చూడాలి. ఆ ట్రైనీ తిరిగి అతన్ని 'ఏరా' అనగలడా? అనలేకపోతే అది చనువు కాదు. పని తప్పినప్పుడే ఆ మాట వస్తోందా, టీ దగ్గర కూడా వస్తోందా? ఆడిటర్ లైన్లో ఉన్నప్పుడు అతని నోరు అదుపులో ఉంటుందా? ఉంటే, అలవాటనీ యాసనీ చెప్పేది సాకే. అన్నిటికన్నా ముఖ్యం, వద్దని చెప్పాక మళ్ళీ అన్నాడా? వద్దన్న తరవాత అన్న మాటకి 'సరదా' అన్న జవాబు చెల్లదు. మీ రెండు నోటి హెచ్చరికలకి విలువ ఇక్కడే వస్తుంది.

సంజాయిషీ చదివాక తృప్తి కలగకపోతే లెటర్. సంతకం ఎవరిదో ముందు చూసుకోండి. చాలా ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్స్‌లో శిక్ష వేసే అధికారం ఫ్యాక్టరీ మేనేజర్‌ది, అంటే చట్టం ప్రకారం ఆ పేరున నమోదైన ఒక్క మనిషిది. సెక్షన్ మేనేజర్ అన్న మీ హోదా వేరు. డ్రాఫ్ట్ మీది, సంతకం అధికారం ఉన్నవారిది. ఆ ఆపరేటర్ కంపెనీ రోల్స్ మీద కాక కాంట్రాక్టర్ కింద ఉంటే మాత్రం లెటర్ మీ లెటర్‌హెడ్ మీద ఇవ్వనే వద్దు. కాంట్రాక్టర్ ఇవ్వాలి. కాంట్రాక్టు మనిషికి కంపెనీయే వార్నింగ్ ఇస్తే, 'నా అసలు యజమాని కంపెనీయే' అని రేపు కేసులో చూపించే కాగితం అదే అవుతుంది. మాట పడినవాళ్ళు కాంట్రాక్టు హెల్పర్లయినా ఫర్వాలేదు, వాళ్ళ అవమానం లెక్కలోకి వస్తుంది.

భాష తెలుగే. ఇంగ్లీషు లెటర్ మీద సంతకం పెట్టి 'నాకు చదవడం రాలేదు' అన్న ఆపరేటర్ మాట ఎంక్వైరీలో నెగ్గుతుంది. హెడ్ ఆఫీసుకి ఇంగ్లీషు ప్రతి కావాలంటే వెనక జతచెయ్యండి. సంఘటనలు మూడు ఊహించి ఒక లెటర్ ఇక్కడ రాస్తున్నాం, మీ వాస్తవాలు పెట్టుకుని మార్చుకోండి.

తేదీ: జూన్ 24
శ్రీ (పేరు), (ఉద్యోగి నంబరు), ఆపరేటర్, ప్యాకింగ్ సెక్షన్ గారికి
విషయం: తోటి ఉద్యోగులని కించపరిచే మాటలు – రాతపూర్వక హెచ్చరిక
సూచిక: జూన్ 15 నాటి మెమో, జూన్ 18న మీరిచ్చిన సంజాయిషీ

మే 6న ఉదయం షిఫ్టులో, రెండో లైన్ దగ్గర, బ్లిస్టర్ లీక్ టెస్ట్ మళ్ళీ చెయ్యాలని చెకర్ శ్రీమతి (పేరు) చెప్పినప్పుడు మీరు ఆమెతో, 'నీకు ఇంకెన్నేళ్ళకి వస్తాది పని, ఇంటికెళ్ళి పిడకలు సేసుకో' అన్నారు. ఆ సమయంలో అక్కడ మరో నలుగురు ఉన్నారు.

మే 21న షిఫ్టు మారేటప్పుడు, ట్రైనీ శ్రీ (పేరు) లాగ్‌బుక్‌లో ఒక గడి నింపలేదని, ఆరుగురి ముందు, 'నీ బుర్రలో మన్నుంది, నీకు జీతం దండగ' అన్నారు.

ఈ రెండింటి గురించి మే 22న మీ సెక్షన్ మేనేజర్ మిమ్మల్ని పిలిచి, ఇలాంటి మాటలు ఆపమని చెప్పారు. ఆ తరవాత జూన్ 9న రాత్రి షిఫ్టులో టెక్నీషియన్ శ్రీ (పేరు) గురించి, అతను వింటుండగా, 'ఎర్రిబాగులోడు, ఈడికి మెషీన్ ఇచ్చినోణ్ణి అనాల' అన్నారు.

ఈ మాటలు సరదాకి అన్నానని మీరు సంజాయిషీలో రాశారు. అన్నట్టు ఒప్పుకున్నారు. మాట పడిన ముగ్గురూ వాటిని సరదాగా తీసుకోలేదని చెప్పారు. వద్దని చెప్పిన తరవాత కూడా మీరు అలాగే మాట్లాడారు. కాబట్టి మీ సంజాయిషీ తృప్తికరంగా లేదు.

జూన్ 9 రాత్రి సీలింగ్ ఉష్ణోగ్రత తగ్గిన విషయం తనకి కనబడినా, మీతో చెప్పడానికి జంకి, ఇరవై నిమిషాలు ఆలస్యంగా చెప్పానని టెక్నీషియన్ రాతపూర్వకంగా తెలిపారు. ఆ ఇరవై నిమిషాల సరుకుని పక్కన పెట్టి తిరిగి పరీక్షించాల్సి వచ్చింది.

మీ ప్రవర్తన కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్ (క్లాజ్ నంబరు) కింద దుష్ప్రవర్తన. దీనికి మిమ్మల్ని హెచ్చరిస్తున్నాం. ఇకపై తోటివారి పనిలో తప్పు కనిపిస్తే ఏం తప్పో, ఎలా సరిచెయ్యాలో మాత్రమే చెప్పండి. వారి తెలివి, వయసు, ఇల్లు, ఊరు, జీతం గురించి మాట్లాడవద్దు. తప్పు తీవ్రమైనదైతే షిఫ్ట్ ఇన్‌చార్జికి తెలపండి. ఈ విషయంలో సమాచారం ఇచ్చిన ఎవరినైనా ఇబ్బంది పెడితే దాన్ని విడి దుష్ప్రవర్తనగా చూస్తాం.

జులై 24న, ఆగస్టు 24న మీ సెక్షన్ మేనేజర్ మీతో సమీక్షిస్తారు. ఇలాంటి ప్రవర్తన తిరిగి జరిగితే కంపెనీ నిబంధనల ప్రకారం తదుపరి చర్య ఉంటుంది. ఈ లేఖ పరిధిలో లేని విషయాలేవైనా ఉంటే అవి విడిగా పరిశీలనలో ఉంటాయి. ఈ లేఖపై మీరు చెప్పదలచినది ఉంటే ఏడు రోజుల్లో రాసి ఇవ్వవచ్చు, దాన్ని కూడా మీ ఫైల్లో ఉంచుతాం.

(సంతకం, పేరు, హోదా)

ఈ లెటర్లో ఒక పేరా మీద కొంచెం ఆగుతాం, సీలింగ్ ఉష్ణోగ్రత పేరా. కించపరిచే మాటల వల్ల ఏమైంది అన్నది రాయాలనుకున్నప్పుడు చాలామంది 'టీమ్ మనోధైర్యం దెబ్బతింది' అని రాస్తారు. దాన్ని ఎవరూ కొలవలేరు, అతను ఒప్పుకోడు. కానీ తప్పు చూసినవాడు చెప్పడానికి జంకి ఆగిన ఇరవై నిమిషాలు లైన్ రికార్డులో దొరుకుతాయి. మందుల ప్యాకింగ్‌లో సీలింగ్ వేడి తగ్గితే రేకు సరిగ్గా అతకదు, తేమ లోపలికి వెళ్తుంది. అది మాత్ర వేసుకునే మనిషి దాకా వెళ్ళే సంగతి. మీ దగ్గర ఇలాంటిది నిజంగా జరిగి రికార్డులో ఉంటేనే ఈ పేరా రాయండి. లేకపోతే పూర్తిగా తీసేయండి, దాని కోసం వెతికి అతికించకండి. మాటలు ఒక్కటే చాలు.

వద్దనుకోవలసినవి కొన్ని. అతని లేట్‌లు, సెలవులు, పాత తగాదాలు ఇందులో దూర్చవద్దు. ఒక్క విషయం మీద లెటర్ ఉంటే అతను ఆ విషయానికే జవాబు చెప్పాలి. 'మీరు అహంకారి', 'మీ స్వభావమే అంత' అని రాస్తే మీరు కూడా మనిషిని అన్నట్టే. అప్పుడు లెటర్ చేతిలో పట్టుకుని 'నన్నిలాగనొచ్చా?' అని అడిగే హక్కు అతనికొస్తుంది. 'మళ్ళీ జరిగితే ఉద్యోగం తీసేస్తాం' అని కూడా వద్దు. తీసెయ్యాలంటే చార్జిషీటు, ఎంక్వైరీ ఉండాలి. ఆ ఫలితం ముందే రాసేస్తే ఎంక్వైరీ బూటకమని అంటారు. పదకొండేళ్ళ సర్వీసు గురించి ఒక మెచ్చుకోలు పేరా పెట్టాలనిపించవచ్చు. అది మీరు ఎదురుగా కూర్చుని చెప్పండి, లెటర్లో పెడితే హెచ్చరిక పలచబడుతుంది.

ఇచ్చే రోజు. లైన్ మీద ఇవ్వకండి, లాకర్ రూమ్ ముందూ ఇవ్వకండి. నలుగురిలో చిన్నబుచ్చాడని రాసిన లెటర్‌ని నలుగురిలో ఇస్తే అర్థం ఉండదు. వారం ఆఖరి షిఫ్టు చివర కూడా వద్దు, ఆ కోపంతో రెండురోజులు ఇంట్లో రగిలి వస్తాడు. వారం మధ్యలో, షిఫ్టు మొదలైన గంట తరవాత, తలుపున్న గదిలో, మీరూ హెచ్‌ఆర్ నుంచి ఒకరూ. పావుగంట చాలు. 'మీరు' అనే మాట్లాడండి, ఇన్నాళ్ళు 'నువ్వు' అనుకుంటున్నా సరే. లెటర్ మొత్తం చదివి వినిపించి, రెండో ప్రతి మీద సంతకం అడగండి. సంతకం చేసే చోట 'ఈ లేఖ నాకు అందింది' అని ముందే టైపు చేసి ఉంచండి. చాలామంది సంతకం పెట్టనిది 'ఒప్పుకున్నట్టవుతుంది' అన్న భయంతోనే. అందినట్టే, ఒప్పుకున్నట్టు కాదు అని చెబితే సగంమంది పెట్టేస్తారు.

పెట్టకపోతే బతిమాలకండి, గొడవపడకండి. 'చదివి వినిపించాం, తీసుకోవడానికి నిరాకరించారు' అని ఆ ప్రతి మీదే తేదీ, టైము వేసి, గదిలో ఉన్న ఇద్దరూ సంతకం చెయ్యండి. మాట పడినవాళ్ళని సాక్షులుగా పిలవద్దు. ఇంకో ప్రతిని అతను కంపెనీకి ఇచ్చిన చిరునామాకి స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదూ డెలివరీ వివరమూ ఫైల్లో పెట్టండి. కవరు తిరిగొస్తే విప్పకుండా అలాగే ఉంచండి, సీలుతో ఉన్న కవరే పంపినట్టు రుజువు.

తరవాతి రెండు వారాలు షిఫ్టుల పట్టిక మీద కన్నేసి ఉంచండి. ఎవరు చెప్పారో అతను ఊహిస్తాడు. ఊహించిన మనిషికి బరువు పని, రాత్రి డ్యూటీ పడేలా మాట కలపడం, పనిచెప్పకుండా వదిలెయ్యడం, పలకరింపు మానెయ్యడం మొదలవుతుంది. మొదటి రెండూ కాగితం మీద దొరుకుతాయి. మూడోది దొరకదు, దాన్ని తప్పుగా రాయనూ కూడదు. పలకరించకపోవడం అతనిష్టం, పని సమాచారం చెప్పకపోవడం మాత్రం కాదు.

సమీక్ష రోజున ఏ ఫిర్యాదూ లేకపోతే 'జులై 24: కొత్త సంఘటనలు లేవు' అని ఒక్క లైను రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఈ లైను రాయడం ఎక్కువమంది మర్చిపోతారు. మారిన మనిషికి అది రక్షణ. మారకపోతే, రేపు చార్జిషీటు ఇచ్చేటప్పుడు ఈ వార్నింగ్‌నీ ఈ సమీక్షల్నీ అందులో పేరుపెట్టి చూపాలి. పాత రికార్డు చూసి శిక్ష పెంచాలనుకుంటే ఆ సంగతి అతనికి ముందే నోటీసులో చెప్పాలని సుప్రీంకోర్టు ఏనాడో, మైసూర్ రాష్ట్రం వర్సెస్ మంచే గౌడ కేసులో చెప్పింది. అది ప్రభుత్వోద్యోగి కేసు, అయినా కంపెనీ ఎంక్వైరీలోనూ ఆ పద్ధతే పాటించండి. ఫైల్లో పడుకున్న వార్నింగ్‌ని చివర్లో ఒక్కసారిగా బయటికి తీస్తే అది లెక్కకి రాకపోవచ్చు. ఫైలు మీద మెమో, సంజాయిషీ, లెటర్, అందిన సంతకం, రెండు సమీక్షలు ఈ వరసలోనే నంబర్లు వేసి కుట్టించండి. ఆ కుర్రాడి విషయం మీద పైకి పంపిన కాగితం మాత్రం వేరే ఫైల్లో, దాని అక్నాలెడ్జ్‌మెంట్‌తో మీ దగ్గర ఒక ప్రతి.